మా లెడ్జర్‌లో 14,86,420, మిల్లు లెడ్జర్‌లో 12,16,020: స్టేట్‌మెంట్ పంపి సంతకం తెచ్చుకునేదాకా నా అనుభవం

నేను వరంగల్‌లో ఒక ప్లాస్టిక్ సంచుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రైస్ మిల్లులకు పేరు, బొమ్మ ప్రింట్ చేసిన సంచులు సప్లై చేస్తాం. సుల్తానాబాద్ వైపు ఉన్న ఒక మిల్లు మాకు పెద్ద పార్టీ, ఏడాదికి డెబ్బై లక్షల పైన సరుకు పోతుంది. ఈసారి 2025 మార్చి 31 నాటికి వాళ్ళ బాకీ కన్ఫర్మ్ చేయించి తెమ్మని మా ఆడిటర్ అడిగాడు. ఇంతకుముందు ఏళ్ళలో ఈ కాగితం అడిగేవాళ్ళు, ఎవరూ పంపేవాళ్ళు కాదు, ఫైల్‌లో "జవాబు రాలేదు" అని రాసి ముగించేవాళ్ళు. ఈసారి బాకీ పెద్దది కాబట్టి అట్లా కుదరదన్నాడు.

ఏప్రిల్ 7, సోమవారం పొద్దున టాలీలోంచి ఆ మిల్లు లెడ్జర్ పీడీఎఫ్ తీసి, "31-03-2025 నాటికి మీరు మాకు 14,86,420 రూపాయలు ఇవ్వాలి, సరిచూసి సంతకం చేసి పంపండి, 15 రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం" అని అందరూ రాసే లెటరే జోడించి మెయిల్ చేశాను. ఆ చివరి లైను ధీమా ఇస్తుంది గానీ దాని బలం చాలా తక్కువ. సరుకు డబ్బు కోసం కోర్టుకు పోవడానికి మామూలుగా మూడేళ్ళే గడువు. ఆ గడువు లోపల బాకీదారు రాతపూర్వకంగా ఒప్పుకొని సంతకం పెడితే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద అక్కడి నుంచి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. జవాబు ఇవ్వకుండా ఊరుకున్నంత మాత్రాన సంతకం పెట్టినట్టు కాదు కదా. ఇది మా ఆడిటర్ చెప్పాకే నాకు ఈ కాగితం మీద పట్టుదల వచ్చింది.

ఏప్రిల్ 21న జవాబు వచ్చింది. ఒకటే లైను: "మేడం, మా బుక్స్ ప్రకారం 12,16,020, మీది సరిచూసుకోండి." కింద వాళ్ళ లెడ్జర్ స్కాన్ కాపీ, అది కూడా వంకరగా స్కాన్ చేసింది, పక్క కాలమ్‌లో సగం అంకెలు తెగిపోయాయి. తేడా 2,70,400. చూడగానే కడుపులో దేవినట్టయింది. మా సేటుకు చెబితే ఆయన మొదటి మాట, "డబ్బులు ఎగ్గొట్టే ప్లాన్ ఇది." నేనైతే అట్లా అనుకోలేదు. ఎగ్గొట్టేవాడు అసలు లెడ్జరే పంపడు.

వాళ్ళ లెడ్జర్ ఎక్సెల్‌లో కావాలని ఫోన్ చేస్తే మిల్లు అకౌంటెంట్, "ఏం పని మేడం, యాసంగి వడ్లు దిగుతున్నయ్, లారీలు లైన్ కట్టినయ్, నాకు అన్నం తినేందుకే టైం లేదు" అన్నాడు. అబద్ధం కాదు. ఏప్రిల్, మే నెలల్లో రైస్ మిల్లు ఆఫీసుకు మీరు ఏ లెక్క గురించి ఫోన్ చేసినా ఇదే జవాబు వస్తుంది. ఎవరైనా ఈ కన్ఫర్మేషన్లు మిల్లుల నుంచి తెప్పించాల్సి ఉంటే ఫిబ్రవరి చివరికి ఒకసారి డిసెంబర్ 31 నాటి లెడ్జర్ సరిచూసి పెట్టుకోండి, మార్చి తర్వాత మూడు నెలల ఎంట్రీలే చూసుకుంటే సరిపోతుంది. ఎట్లాగో ఏప్రిల్ 24 రాత్రి ఎక్సెల్ ఫైల్ వాట్సాప్‌లో పంపాడు. పంపినందుకు దండం పెట్టాను, నిజంగానే.

ఇక కూర్చోవడం. రెండు లెడ్జర్లు పక్కపక్కన పెట్టేటప్పుడు మా డెబిట్ కాలమ్ ఎదురుగా వాళ్ళ క్రెడిట్ కాలమ్ రావాలి, మాకు రావాల్సింది వాళ్ళు ఇవ్వాల్సింది కాబట్టి. ఇది తెలిసిందే అయినా రాత్రి పదింటికి తికమక పడతాం. అందుకే వాళ్ళ షీట్‌లో కాలమ్ పేర్లే మార్చేశాను, "బిల్లు", "డబ్బు" అని.

మొదట చూసింది ఓపెనింగ్ బ్యాలెన్స్. ఏప్రిల్ 1, 2024న మా దాంట్లో ఉన్న అంకెకు వాళ్ళ దాంట్లో ఉన్న అంకెకు అప్పటికే 8,640 తేడా ఉంది. ఇది ముందు పక్కన పెట్టకపోతే ఏడాది మొత్తం ఎంట్రీలు ఎంత సరిగ్గా కలిపినా ఆఖరికి 8,640 తేలుతూనే ఉంటుంది, మనం దాన్ని ఈ ఏడాది బిల్లుల్లో వెతుక్కుంటూ చస్తాం.

రెండోది డబ్బులు. బిల్లుల కంటే ముందు పేమెంట్లు ఎందుకంటే వాటికి బ్యాంకు స్టేట్‌మెంట్ అనే మూడో సాక్షి ఉంటుంది. మా బ్యాంకులో పడ్డ ప్రతి మొత్తం వాళ్ళ లెడ్జర్‌లో ఉంది, కానీ వాళ్ళ లెడ్జర్‌లో ఉన్న ఒక మొత్తం మా బ్యాంకులో లేదు. నవంబర్ 18, నెఫ్ట్, 1,25,000. నవంబర్ నెల స్టేట్‌మెంట్ పైనుంచి కిందకు, కిందనుంచి పైకి చూశాను. లేదు.

మూడోది బిల్లులు. ఇక్కడ బిల్లు నంబర్లతో కలపడం అయ్యే పని కాదు, మేం PB/24-25/0412 అని రాస్తే వాళ్ళ దగ్గర ఒక గుమస్తా 0412 అని, ఇంకొకరు 412 అని, ఇంకొకరు PB412 అని కొడతారు. అందుకే మొత్తంతో కలిపాను. మా షీట్‌లో C కాలమ్‌లో బిల్లు మొత్తం, వాళ్ళ మొత్తాలు F కాలమ్‌లో అతికించి, పక్కన ఇది పెట్టాను:

```
=COUNTIF(F:F,C2)
```

0 వస్తే వాళ్ళ దగ్గర ఆ మొత్తం లేదు. 1 వస్తే దాదాపు సరే. 2 వస్తే ఆగి చూడాలి. ఒకే రేటుకు ఒకే సైజు ఆర్డర్లు వచ్చే వ్యాపారంలో 2లు నిజంగానే రెండు బిల్లులు కావచ్చు, కాబట్టి C కాలమ్ మీద కూడా ఇట్లాగే లెక్కించి రెండింటినీ పోల్చాలి.

0 వచ్చింది ఒకటి: మార్చి 30 నాటి మా బిల్లు, 1,50,000 మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,77,000. లారీ మార్చి 30 సాయంత్రం మా దగ్గర కదిలింది, మిల్లులో ఏప్రిల్ 2న దిగింది, వాళ్ళు ఏప్రిల్ 2 తేదీతో రాసుకున్నారు. మాది కూడా తప్పు కాదు, వాళ్ళది కూడా తప్పు కాదు, కాలం తేడా అంతే. దీనికి ఎవరూ కొత్త ఎంట్రీ వేయక్కర్లేదు, కాగితం మీద చూపిస్తే చాలు.

మా దగ్గర 1 ఉండి వాళ్ళ దగ్గర 2 వచ్చింది ఒకటి: 94,400. నిజం చెప్పాలంటే దీన్ని ఫార్ములా కంటే ముందు నాకు పట్టించింది 80 రూపాయలు. వాళ్ళ లెడ్జర్‌లో జనవరి నుంచి ప్రతి బిల్లు కింద చిన్న చిన్న డెబిట్లు ఉన్నాయి, అది టీడీఎస్, అంటే కొనేవాళ్ళు మాకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకొని మా పేరున కట్టే ఆదాయపన్ను. అప్పటి ఆదాయపన్ను చట్టంలో 194Q సెక్షన్ ఉంది కదా, పది కోట్ల పైన టర్నోవర్ ఉన్న కొనుగోలుదారు ఒకే సప్లయర్ దగ్గర ఏడాదిలో 50 లక్షలు దాటి కొంటే, దాటిన దాని మీద 0.1 శాతం పట్టుకోవాలి, బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే అది తీసేసి. ఆ చిన్న అంకెల్లో వారం తేడాతో రెండు చోట్ల సరిగ్గా 80 కనిపించింది. 80 అంటే 80,000 బిల్లు, జీఎస్టీతో 94,400. జనవరిలో మేం 80,000 బిల్లు ఒకటే వేశాం. వాళ్ళు రెండుసార్లు ఎక్కించారు. తర్వాత తెలిసింది ఏంటంటే లారీ డ్రైవర్ చేతికి ఇచ్చిన బిల్లు కాపీని ఒక గుమస్తా 0412 అని, మేం వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌ను ఇంకో గుమస్తా 412 అని ఎక్కించారు. నంబర్ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉంటేనే సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది, సున్నా పోయేసరికి దానికది కొత్త బిల్లు.

టీడీఎస్ మొత్తం కూడితే 2,240. వాళ్ళ పుస్తకాల్లో ఏడాది కొనుగోలు జీఎస్టీ లేకుండా 72,40,000, అందులో 50 లక్షలు పోతే 22,40,000, దాని మీద 0.1 శాతం. సరిగ్గా సరిపోయింది. మా లెడ్జర్‌లో ఈ ఎంట్రీ ఇంకా పడలేదు. మేం మామూలుగా మా పాన్ మీద జమైన పన్ను చూపించే 26AS లో కనిపించాకే టీడీఎస్ ఎంట్రీ వేస్తాం, జనవరి నుంచి మార్చి క్వార్టర్ రిటర్న్ వాళ్ళు మే 31 దాకా ఫైల్ చేయొచ్చు. అందుకే ఏప్రిల్‌లో ఈ తేడా ఎప్పుడూ ఉంటుంది.

చివరగా డిసెంబర్‌లో వాళ్ళు వేసిన డెబిట్ నోట్, అంటే మాకు ఇవ్వాల్సిన దాంట్లోంచి ఇంత తగ్గించుకుంటున్నాం అని రాసిన కాగితం, 51,920. అసలు గొడవ ఇదే.

ఇక్కడికి ఆరు అంశాలయ్యాయి. 8,640, 1,25,000, 1,77,000, 2,240, 51,920 కూడితే 3,64,800. అందులో వాళ్ళు రెండుసార్లు ఎక్కించిన 94,400 తీసేస్తే 2,70,400. పైసాతో సహా సరిపోయేసరికి ఆ రాత్రి ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నా గట్టిగా "అయిపోయింది" అన్నాను. తేడాను 9తో భాగించి చూడు, నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారైనట్టు, అని మా పాత అకౌంటెంట్ ఒక చిట్కా చెప్పేవాడు. తప్పు ఒక్కటే ఉన్నప్పుడు అది పనికొస్తుంది. ఆరు కలిసి, అందులో ఒకటి ఎదురు దిక్కున ఉంటే ఆ చిట్కా ఏమీ చెప్పదు. పైగా ఎదురు దిక్కు అంశం తేడాను చిన్నగా చూపిస్తుంది. 94,400 అక్కడ లేకపోతే తేడా మూడున్నర లక్షల పైన కనిపించేది.

మర్నాడు సేటుకు చూపిస్తే ఆయన 94,400 దగ్గర ఆగాడు. "వాళ్ళే మనకు ఎక్కువ చూపిస్తున్నరు గదమ్మా, మనం చెప్పాల్నా?" అన్నాడు. నీతి సంగతి పక్కన పెట్టి లెక్క సంగతే చెప్పాను: సార్, ఈ లైన్ తీసేస్తే నా లిస్టు మొత్తం 3,64,800 అవుతుంది, తేడా ఏమో 2,70,400 ఉంది, మిగతా 94,400 ఎక్కడిదని వాళ్ళే అడుగుతారు, అప్పుడు మనం పెట్టిన మిగతా ఐదూ కూడా నమ్మరు. ఆయన తల గోక్కొని సరే అన్నాడు.

ఏప్రిల్ 29న పంపింది ఇదీ, ఒక్క పేజీ:

మా పుస్తకాల ప్రకారం 31-03-2025 నాటి బాకీ: 14,86,420
తీసివేత: దారిలో ఉన్న సరుకు, మార్చి 30 బిల్లు: 1,77,000
తీసివేత: మీరు చూపిన నవంబర్ 18 పేమెంట్, మాకు అందలేదు: 1,25,000
తీసివేత: మీ డెబిట్ నోట్, 4,000 సంచులు: 51,920
తీసివేత: గత సంవత్సరాల ఓపెనింగ్ తేడా: 8,640
తీసివేత: టీడీఎస్ 194Q: 2,240
కలిపింది: మా బిల్లు 0412 మీ దగ్గర రెండుసార్లు: 94,400
మీ పుస్తకాల ప్రకారం బాకీ: 12,16,020

ప్రతి లైను పక్కన ఇంకో కాలమ్ పెట్టాను, "ఎవరు ఏం చేయాలి" అని. టీడీఎస్ ఎదురుగా "మేం ఎంట్రీ వేస్తాం". పేమెంట్ ఎదురుగా "మీరు UTR నంబర్ పంపాలి", అంటే ఆ పేమెంట్‌కు బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబర్. 0412 ఎదురుగా "మీరు జనవరి 16 ఎంట్రీ రద్దు చేయాలి". దారిలో సరుకు ఎదురుగా "ఎవరూ ఏమీ చేయక్కర్లేదు". నా అనుభవంలో స్టేట్‌మెంట్‌కు జవాబు తెచ్చేది ఈ కాలమే. ఉత్త లెడ్జర్ పంపితే అవతలి మనిషి దాన్ని మొదటినుంచి కలుపుకోవాలి, ఆ పని ఎవరూ చేయరు. ఇట్లా పంపితే తన వంతు రెండు మూడు లైన్లే అని తెలుస్తుంది. కింద ఇన్వాయిస్, లారీ రసీదు, మా నవంబర్ బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆ వారం పేజీ జతచేశాను. బ్యాంక్ పేజీలో మిగతా పార్టీల పేర్లు నల్లగా కొట్టేసి పంపండి, ఒకరి లెక్క ఇంకొకరికి ఎందుకు.

వారం రోజులు ఉలుకూ పలుకూ లేదు. మే 6న ఫోన్ చేస్తే "చూస్తం మేడం". మే 9న "ఇయ్యాల రేపట్ల". టెన్షన్ ఎందుకంటే మా ఆడిటర్ ఒకవైపు, సేటు ఒకవైపు. సేటు అయితే సరుకు ఆపేద్దాం అనేదాకా వచ్చాడు. నేనే పోయి వస్తానన్నాను.

మే 14న హనుమకొండలో కరీంనగర్ బస్సు ఎక్కి, అక్కడ పెద్దపల్లి బస్సు మారి సుల్తానాబాద్‌లో దిగాను. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఎక్స్‌ప్రెస్‌లో జీరో టికెట్, ఆధార్ చూపిస్తే చాలు. ఖర్చల్లా మిల్లు దాకా ఆటోకు, మధ్యాహ్నం భోజనానికి అయిందే. ఆఫీసు గదిలో టేబుల్ మీద ఇనుప తీగకు మూరెడు ఎత్తున బిల్లులు గుచ్చి ఉన్నాయి, ఫ్యాన్ గాలికి అవి రెపరెపలాడుతుంటే అందులో మావి ఎన్ని ఉన్నాయో అని నా చూపు అటే పోయింది. అకౌంటెంట్ మనిషి మంచివాడే. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. నా పేజీ ప్రింట్ తీసి ఉంది, కానీ దాని మీద ఒక్క పెన్ను గీత లేదు.

ముందు తేలికైనవి తీసుకున్నాం. 0412 రెండు బిల్లులూ ఆ తీగ నుంచి లాగి చూశాడు, ఒకటి ఒరిజినల్, ఒకటి ప్రింట్. "అరె" అన్నాడు. వాళ్ళ జీఎస్టీ కన్సల్టెంట్ అప్పటికే ఒకసారి అడిగాడట, పుస్తకాల్లో 14,400 ఇన్‌పుట్, అంటే కొనుగోళ్ళ మీద కట్టి వెనక్కి తీసుకునే జీఎస్టీ, ఎక్కువ ఉంది, సప్లయర్లు చూపిన బిల్లులు జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే 2B లో కనిపించడం లేదు, ఏంటిది అని. మేం బిల్లు ఒక్కసారే మా అమ్మకాల రిటర్న్ GSTR-1 లో పెట్టాం కాబట్టి 2B లో ఒక్కసారే వస్తుంది. ఆ ముడి కూడా విడిపోయిందని ఆయనకే సంతోషం. జనవరి 16 ఎంట్రీ నా ముందే తీసేశాడు. దాని మీద కట్టిన 80 రూపాయల టీడీఎస్ మాత్రం అప్పటికే గవర్నమెంట్‌కు పోయింది, అది మా పాన్ మీదే పడుతుంది కాబట్టి 2,240 ఉన్నది ఉన్నట్టే తీసుకుంటామని చెప్పాను.

పేమెంట్ సంగతి ఆయన ఒప్పుకోలేదు. "మేం కొట్టినం మేడం, మీ బ్యాంకులనే చూసుకోండ్రి." నేను లేచి నిలబడి గొడవ పడలేదు, UTR చూపించమన్నాను. ఆయన నెట్ బ్యాంకింగ్ తెరిచి నవంబర్ 18 ట్రాన్సాక్షన్ మీద నొక్కితే, UTR పక్కనే బెనిఫిషియరీ అకౌంట్ నంబర్ వచ్చింది. చివరి నాలుగు అంకెలు మావి కావు. మా కంపెనీ పేరులో మొదటి మాట, హైదరాబాద్‌లో వాళ్ళకు కుట్టు దారం సప్లై చేసే ఇంకో సంస్థ పేరులో మొదటి మాట ఒకటే. లిస్టులో ఆ పేరు మీద నొక్కి పంపారు, పుస్తకంలో మా పేరు మీద రాశారు. ఆరు నెలలు ఆ దారం సంస్థ నోరు మెదపలేదు, అది వేరే కథ. ఒకవేళ ఎవరైనా "పంపాం" అంటే "రాలేదు" అని వాదించకండి, UTR ఒక్కటే సరిపోదు, UTR తో పాటు ఏ అకౌంట్‌కు పోయిందో అడగండి. పంపినట్టు రుజువు వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉంటుంది, ఎవరికి అన్నదే అసలు ప్రశ్న.

8,640 పాత ఫైల్‌లో దొరికింది. 2023 ఫిబ్రవరిలో ఒక లారీ కిరాయి మేం కట్టాల్సింది, డ్రైవర్ మిల్లులో అడిగితే వాళ్ళు ఇచ్చి మా ఖాతాలో పట్టుకున్నారు. రసీదు ఫొటో తీసుకున్నాను, సేటుకు ఫోన్‌లో చూపిస్తే "సరే, ఖర్చు రాయి" అన్నాడు.

ఇక డెబిట్ నోట్. 25 కిలోల దాకా ఉన్న బియ్యం ప్యాకెట్ల మీద 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వచ్చింది కదా, అప్పటి నుంచి మిల్లులు 26 కిలోల సంచులకు మారాయి. నవంబర్ ఆర్డర్‌లో 4,000 సంచుల మీద 26కు బదులు 25 అని ప్రింట్ అయ్యింది. వాళ్ళు వద్దన్నారు, న్యాయమే. సంచి 11 రూపాయల చొప్పున 44,000, జీఎస్టీ 7,920, మొత్తం 51,920కి డెబిట్ నోట్ వేశారు. కానీ మా గేట్ రిజిస్టర్‌లో వాపసు వచ్చింది 2,500 సంచులే. మిగతా 1,500 ఎక్కడ అంటే అకౌంటెంట్, "పనికిరానియని పారేసినం" అన్నాడు.

వాళ్ళ గోదాం మనిషిని పిలిపించి అడుగుదామని ఇద్దరం బయటికి వచ్చాం. తవుడు పెట్టే షెడ్డు పక్క నుంచి పోతుంటే వరసగా పేర్చిన మూటల మీద మా ప్రింట్ ఎర్ర రంగు కనిపించింది. దగ్గరికి పోయి చూస్తే 25 కేజీ అని స్పష్టంగా ఉంది, లోపల తవుడు, నోటి దగ్గర సుతిలి దారంతో చేతి కుట్టు. గోదాం మనిషి నవ్వుకుంటా, "మంచిగున్నయని తవుడు నింపినం అక్కా" అన్నాడు. అకౌంటెంట్ ఏమీ అనలేదు. నేను కూడా అక్కడ ఏమీ అనలేదు. ఫొటో తీస్తే బాగుండదనిపించి తీయలేదు కూడా. ఆఫీసులోకి వచ్చాక మాత్రం మా సేటును, వాళ్ళ ఓనర్‌ను ఫోన్‌లో కలిపాను. ఇట్లాంటివి అకౌంటెంట్ల మధ్య తేలవు. ఇద్దరూ ఐదు నిమిషాలు వానల గురించి, వడ్ల తేమ గురించి మాట్లాడుకొని, చివర్లో ఒక నిమిషంలో తేల్చేశారు: ఆ 1,500 సంచులకు మిల్లు 6 రూపాయల చొప్పున ఇస్తుంది, మేం సంచికి 5 తగ్గించుకుంటాం.

లెక్క ఇట్లా మారింది. వాపసు వచ్చిన 2,500కి 27,500, జీఎస్టీతో 32,450. వాళ్ళు వాడుకున్న 1,500కి తగ్గింపు 7,500, జీఎస్టీతో 8,850. మొత్తం 41,300కి మేం క్రెడిట్ నోట్ ఇవ్వాలి, వాళ్ళు తమ డెబిట్ నోట్‌లో మిగిలిన 10,620 వెనక్కి తీసుకోవాలి. ఒక సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు. కొన్నవాళ్ళు డెబిట్ నోట్ వేసినంత మాత్రాన మా జీఎస్టీ తగ్గదు. సప్లయర్ క్రెడిట్ నోట్ వేసి GSTR-1 లో చూపించాలి, కొన్నవాళ్ళు ఆ మేరకు ఇన్‌పుట్ వెనక్కి ఇవ్వాలి. 2024-25 బిల్లుల మీద ఆ క్రెడిట్ నోట్‌కు 2025 నవంబర్ 30 దాకానే టైం ఉండింది. అది దాటితే ధర తగ్గించొచ్చు గానీ కట్టిన జీఎస్టీ మనకు తిరిగి రాదు.

మార్చి 31 తేదీతోనే క్రెడిట్ నోట్ వేద్దామా అని వాళ్ళ అకౌంటెంట్ అడిగాడు, లెడ్జర్ అందంగా కలుస్తుందని. కుదరదన్నాను. మార్చి GSTR-1 ఏప్రిల్ 11కే వెళ్ళిపోయింది. మే 19 తేదీతో వేశాను, అది జూన్ 11 లోపు ఫైల్ చేసే రిటర్న్‌లో పోతుంది. మార్చి లెక్కల్లో దానికి ప్రొవిజన్ పెట్టుకుంటానని ఆడిటర్ అన్నాడు.

మే 23న రెండో స్టేట్‌మెంట్ పంపాను, ఈసారి మెయిల్‌తో పాటు అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి రిజిస్టర్ పోస్ట్ కూడా. మా వైపు 14,86,420లో టీడీఎస్ 2,240, కిరాయి 8,640, క్రెడిట్ నోట్ 41,300 పోతే 14,34,240. వాళ్ళ వైపు 12,16,020కి దారిలో సరుకు 1,77,000, తప్పు పేమెంట్ 1,25,000, డెబిట్ నోట్ వెనక్కి తీసుకున్న 10,620 కలిపి, 94,400 తీస్తే 14,34,240. రెండు వైపుల నుంచీ దిగి ఒకే అంకె మీద ఆగింది. లెడ్జర్ బ్యాలెన్స్ ఒక లైనులో, సర్దుబాట్ల తర్వాత ఒప్పుకున్న బాకీ ఇంకో లైనులో, అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాను, ఎవరూ ఒకదాన్ని ఇంకోటి అనుకోకుండా.

జూన్ 5న సంతకం కాపీ వచ్చింది. స్టాంపు ఉంది, సంతకం ఉంది, తేదీ లేదు. పైగా సంతకం అకౌంటెంట్‌ది. గడువు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో సంతకం తేదీని బట్టే ఉంటుంది, తేదీ లేకపోతే రేపు ఎప్పుడు పెట్టారో సాక్ష్యాలతో చెప్పుకోవాలి. సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి పెట్టిందా లేదా అన్నది ఇంకో తలనొప్పి. మళ్ళీ పంపించి, పార్ట్‌నర్ సంతకం, కింద తేదీ కావాలని ఫోన్ చేస్తే అకౌంటెంట్ విసుక్కున్నాడు, "మీతోని పెట్టుకోవద్దు మేడం" అని నవ్వాడు కూడా. జూన్ 12 తేదీతో, ఆకుపచ్చ ఇంకు సంతకంతో సరైన కాపీ కరీంనగర్ నుంచి వచ్చే మా లారీ డ్రైవర్ చేతే పంపించాడు.

బాకీలో తొమ్మిది లక్షలు ఆ నెలాఖరుకే వచ్చాయి, మార్చి 30 బిల్లు డబ్బులు కూడా అందులో ఉన్నాయి. దారం సంస్థకు పోయిన 1,25,000 మాత్రం ఇంకా వెనక్కి రాలేదట, మొన్న ఫోన్‌లో అకౌంటెంటే చెప్పాడు. వాళ్ళకు కూడా ఇట్లాంటి పేజీ ఒకటి పంపుదామని నా ఫార్మాట్ ఎక్సెల్ అడిగాడు, మా అంకెలు తీసేసి పంపించాను.